కొన్నాక మనసు ఎందుకు కుదురుగా ఉండదు? నిర్ణయ ప్రక్రియ ఐదు దశలు, కాగ్నిటివ్ డిసొనెన్స్

కన్స్యూమర్ బిహేవియర్ పేపర్‌లో ఇవాళ మనం రెండు అంశాలు కలిపి చూద్దాం. ఒకటి, వినియోగదారుడి నిర్ణయ ప్రక్రియలో ఉండే ఐదు దశలు. రెండోది కాగ్నిటివ్ డిసొనెన్స్. మామూలుగా ఈ రెండింటినీ రెండు వేర్వేరు ప్రశ్నలుగా చదివేస్తారు. ఐదు దశల పేర్లు బట్టీ పట్టి, చివరి దశ కింద "డిసొనెన్స్ కలుగుతుంది" అని ఒక్క లైను రాసి వదిలేస్తారు. అది చివరి దశలో బయటపడే మాట నిజమే. కానీ దాని విత్తనం పడేది మూడో దశలో. ఎలా పడుతుందో ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నడిచి చూద్దాం.

ఖమ్మంలో ఒక కుటుంబం ఉందనుకుందాం. భార్య స్కూల్లో టీచరు, భర్తకి చిన్న మెడికల్ షాపు ఉంది. ఇంట్లో అత్తగారు కూడా ఉంటారు. వీళ్ళు మొదటిసారి ఏసీ కొనబోతున్నారు.

మొదటి దశ సమస్య గుర్తింపు. ఇప్పుడున్న స్థితికి, ఉండాలనుకునే స్థితికి మధ్య తేడా ఉందని మనిషికి తెలియడమే సమస్య గుర్తింపు. ఖమ్మంలో ఎండలు కొత్త కాదు, కూలర్ కూడా నాలుగేళ్ళుగా ఉంది. మరి ఈ ఏడాదే ఎందుకు ఏసీ? మే నెలలో అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడ రోజంతా మంచం మీదే ఉండాలి, గదిలో కూలర్ తేమకి పరుపు చెమ్మగిల్లుతోంది. ఎండ ఎప్పటిలాగే ఉంది, మారింది "ఎలా ఉండాలి" అన్న అంచనా. సమస్య గుర్తింపు రెండు వైపుల నుంచీ రావచ్చు. ఉన్నది పాడైనా వస్తుంది, కావలసింది పెరిగినా వస్తుంది.

రెండో దశ సమాచార సేకరణ. ముందు మనిషి తన జ్ఞాపకంలో వెతుక్కుంటాడు. ఇది అంతర్గత అన్వేషణ. వీళ్ళకి ఏసీ అనుభవం లేదు కాబట్టి అక్కడ దొరికేది తక్కువ. అందుకే బయటికి వెళ్ళారు. హైదరాబాద్‌లో ఉండే బావగారికి ఫోన్ చేశారు, రెండు షాపులు తిరిగారు, రాత్రి పూట ఫోన్‌లో రివ్యూలు చూశారు. ఉప్పు ప్యాకెట్ కొనేటప్పుడు ఇవేవీ చేయం. కిరాణా కొట్టుకి వెళ్ళి "ఉప్పు ఇవ్వు" అంటాం, మొదటి దశ నుంచి నాలుగో దశకి ఒక్క గెంతే. వెతుకులాట ఎంత ఉంటుందనేది డబ్బు ఎంత, పొరపాటు అయితే నష్టం ఎంత, ముందు అనుభవం ఎంత అన్న మూడింటి మీద ఆధారపడి ఉంటుంది.

మూడో దశ ప్రత్యామ్నాయాల మూల్యాంకనం. ఇక్కడ కొంచెం ఆగుదాం. తిరిగి తిరిగి వీళ్ళ ముందు రెండే మిగిలాయి. రెండూ ఒకే కంపెనీ, రెండూ ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీలు. ఒకటి 3 స్టార్, ఇంకోటి 5 స్టార్. లెక్క తేలిగ్గా ఉండడానికి అంకెలు మనమే అనుకుందాం. 3 స్టార్ ధర 38,000 రూపాయలు, 5 స్టార్ 46,000. తేడా 8,000. ఏసీ మీద అతికించే బీఈఈ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. 3 స్టార్ మీద 1,000 యూనిట్లు, 5 స్టార్ మీద 750 యూనిట్లు ఉన్నాయనుకోండి. యూనిట్ 8 రూపాయలు. అప్పుడు ఏడాదికి 250 యూనిట్లు, అంటే 2,000 రూపాయలు మిగులుతాయి. నాలుగేళ్ళలో ఆ 8,000 తిరిగి వచ్చేస్తాయి. షాపతను చెప్పిన లెక్క ఇదే. "మేడమ్, నాలుగేళ్ళ తర్వాత నుంచి మీకు లాభమే" అన్నాడు.

కానీ లేబుల్ మీద ఉన్న ఆ అంకె ఏడాదికి 1,600 గంటలు ఏసీ నడిపితే అన్న లెక్క మీద వేసింది. టీచరమ్మ ఇంటికి వచ్చి లెక్క వేసుకుంది. "మనం రాత్రి ఎనిమిది గంటలు వేస్తాం, ఏడాదికి ఓ వంద రోజులు. అంటే 800 గంటలే కదండీ." సగం గంటలు, కాబట్టి ఆదా కూడా సగమే. 125 యూనిట్లు, 1,000 రూపాయలు. ఇప్పుడు ఆ 8,000 తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు పడుతుంది. భర్త మాత్రం, "అమ్మ పగలు కూడా పడుకునే ఉంటుంది కదా, పగలు వేయమా?" అన్నాడు. పగలు కూడా వేస్తే లెక్క మళ్ళీ 5 స్టార్ వైపు జరుగుతుంది.

ఈ పరిస్థితిని గమనించండి. ఏ ఒక్కటీ స్పష్టంగా గెలవలేదు. 3 స్టార్‌కి ధర అనుకూలం, 5 స్టార్‌కి కరెంటు బిల్లు అనుకూలం. ఒకదాంట్లో ఉన్న మంచి రెండోదాంట్లో లేదు. మూల్యాంకనం ఇలా దగ్గరి పోటీగా ముగిసినప్పుడే డిసొనెన్స్‌కి విత్తనం పడుతుంది. ఒకటి అన్నింట్లో బాగుండి ఇంకోటి అన్నింట్లో నాసిగా ఉంటే తర్వాత బాధపడేదేమీ ఉండదు.

నాలుగో దశ కొనుగోలు నిర్ణయం. వీళ్ళు 3 స్టార్ తీసుకున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు, వీళ్ళే ఎంచుకున్నారు, డబ్బు కట్టేశారు, గోడకి కన్నం వేసి బిగించేశారు. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి: సొంత ఎంపిక, ముఖ్యమైన మొత్తం, వెనక్కి తీసుకోవడం కష్టం. మూడో దశలోని దగ్గరి పోటీకి ఈ మూడూ తోడైతే డిసొనెన్స్ బలంగా వస్తుంది.

ఇక ఐదో దశ, కొనుగోలు అనంతర ప్రవర్తన. ఏసీ బిగించిన రోజు సాయంత్రమే పక్కింటావిడ వచ్చింది. "అయ్యో, త్రీ స్టార్ తీసుకున్నారా వదినా? మా తమ్ముడు వాళ్ళు ఫైవ్ స్టారే తీసుకున్నారు, బిల్లు అసలు తెలియట్లేదట" అంది. అంతే. గది చల్లగానే ఉంది, అత్తగారు హాయిగా నిద్రపోతున్నారు. ఇంకా ఒక్క బిల్లు కూడా రాలేదు. అయినా ఆ రాత్రి ఇద్దరికీ మనసు కుదురుగా లేదు.

ఈ స్థితికి పేరు పెట్టి సిద్ధాంతంగా చెప్పింది అమెరికన్ సామాజిక మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్, 1957లో. మన మనసులో ఉండే రెండు భావాలు ఒకదానికొకటి పొసగనప్పుడు ఒక రకమైన అసౌకర్యం కలుగుతుంది, దాన్ని తగ్గించుకోవడానికి మనిషి ఏదో ఒకటి చేస్తాడు అన్నది సిద్ధాంతం. ఇక్కడ ఒక భావం "నేను తెలివిగా కొనే మనిషిని". రెండోది "నేను వదిలేసినదాంట్లో మంచి గుణం ఉంది". రెండూ ఒకేచోట ఇమడవు.

ఈ ఆలోచన ఆయనకి తట్టడం వెనక మన దేశానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. 1934 జనవరి 15న బీహార్‌లో, నేపాల్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత జనంలో తిరిగిన పుకార్లని జమునా ప్రసాద్ అనే మన దేశపు మనస్తత్వవేత్త సేకరించి అధ్యయనం చేశారు. ఆయన చూసింది ప్రధానంగా భూమి కదిలినట్టు గట్టిగా తెలిసినా పెద్దగా నష్టం జరగని ప్రాంతాలని. అక్కడ జనం "ఇంతకన్నా పెద్ద విపత్తు రాబోతోంది" అనే పుకార్లు చెప్పుకున్నారు. ఫెస్టింగర్‌కి ఇది వింతగా అనిపించింది. భయపడ్డ మనిషి తనని ఇంకా భయపెట్టే మాటని ఎందుకు నమ్ముతాడు? ఆయనకి తోచిన జవాబు ఇది: ఆ జనానికి భయం ముందే ఉంది, కానీ కళ్ళ ముందు భయపడాల్సిందేమీ కనబడట్లేదు. ఆ భయానికి ఒక కారణం కావాలి. పుకారు ఆ కారణాన్ని ఇచ్చింది. అంటే పుకారు వల్ల భయం పుట్టలేదు, భయానికి సరిపడేలా పుకారు పుట్టింది.

మన ఖమ్మం ఇంట్లోనూ జరిగేది అదే వరస. ముందు నిర్ణయం అయిపోయింది, ఇప్పుడు దానికి సరిపడే కారణాలు కావాలి. మర్నాడు భర్త షాపులో ఎవరితోనో అన్నాడట: "ఫైవ్ స్టార్ అయితే సర్వీసింగ్ ఖర్చు చాలా ఎక్కువటండీ, పార్ట్స్ కూడా దొరకవట." టీచరమ్మ ఏమో "ఏడాదికి వంద రోజులు వేసేదానికి ఫైవ్ స్టార్ ఎందుకు" అంది. ఈ రెండు మాటలూ వినడానికి ఒకేలా ఉన్నాయి. రెండూ 3 స్టార్‌ని సమర్థిస్తున్నాయి. కానీ రెండూ ఒకటి కావు. వంద రోజుల లెక్క కొనకముందే ఉంది, మూల్యాంకనంలో వాడుకున్నారు. సర్వీసింగ్ ఖర్చు అన్న మాట కొనకముందు ఎప్పుడూ రాలేదు, ఎవరినీ అడిగి తెలుసుకోలేదు, కొన్న తర్వాతే పుట్టింది. కారణం ఎప్పుడు పుట్టింది, దాన్ని సరిచూశారా లేదా అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే, నిజమైన కారణమేదో, డిసొనెన్స్ తగ్గించుకోవడానికి పుట్టిన కారణమేదో చాలావరకు తెలుస్తుంది.

డిసొనెన్స్ తగ్గించుకునే దారులు కూడా ఈ ఇంట్లోనే కనిపిస్తాయి. కొన్నదాన్ని పెంచి చూసుకోవడం ఒకటి: "ఎంత సైలెంట్‌గా ఉందో చూడు." వదిలేసినదాన్ని తగ్గించడం ఇంకోటి, సర్వీసింగ్ మాట అలాంటిదే. అనుకూలంగా ఉన్న సమాచారాన్నే వెతకడం మూడోది. కొన్నాక కూడా భర్త ఫోన్‌లో 3 స్టార్ ఏసీల మంచి రివ్యూలే చదువుతుంటాడు. విషయాన్నే చిన్నది చేయడం నాలుగోది: "ఏసీయే కదా, ఇల్లేం కొనలేదుగా." ఇవేవీ పనిచేయకపోతే చివరికి వెనక్కి ఇచ్చేయడం.

ఇది ఊహ కాదు అనడానికి మొదటి ప్రయోగం ఫెస్టింగర్ పుస్తకం కన్నా ఒక ఏడాది ముందే వచ్చింది. 1956లో జాక్ బ్రెమ్ అనే ఆయన విద్యార్థినులకి టోస్టర్, రేడియో లాంటి 8 వస్తువులు చూపించి, ఏది ఎంత నచ్చిందో మార్కులు వేయమన్నాడు. తర్వాత "ఈ రెండింటిలో ఒకటి మీకు ఇస్తాం, ఎంచుకోండి" అన్నాడు. కొందరికి దాదాపు సమాన మార్కులు వచ్చిన రెండు వస్తువులు ఇచ్చాడు, కొందరికి బాగా తేడా ఉన్నవి ఇచ్చాడు. ఇంకో గుంపుకి ఎంపిక లేకుండా ఒక వస్తువు ఊరికే ఇచ్చేశాడు. కాసేపయ్యాక అందరినీ మళ్ళీ మార్కులు వేయమన్నాడు. ఎంచుకున్నదానికి మార్కులు పెరిగాయి, వదిలేసినదానికి తగ్గాయి. దగ్గరి పోటీ ఉన్నవాళ్ళలో ఈ దూరం ఎక్కువ పెరిగింది. ఊరికే పొందినవాళ్ళలో అలా పెరగలేదు. సొంత ఎంపిక, దగ్గరి పోటీ రెండూ ఎందుకు ముఖ్యమని మనం అన్నామో ఇక్కడ తెలుస్తుంది.

అయితే ఈ ప్రయోగంలో ఒక లొసుగు ఉందని చాలా ఏళ్ళ తర్వాత కీత్ చెన్ అనే ఆర్థికవేత్త చూపించాడు. మనం ఒకసారి వేసే మార్కు కచ్చితంగా ఉండదు. ఒక మనిషి రెండు వస్తువులకీ 6 వేశాడు, కానీ లోపల ఒకటి కొంచెం ఎక్కువ నచ్చి ఉండొచ్చు. ఎంచుకోమంటే అదే ఎంచుకుంటాడు. రెండోసారి మార్కులు వేసినప్పుడు ఆ లోపలి ఇష్టం కొంచెం బయటపడి దూరం పెరిగినట్టు కనిపిస్తుంది. అంటే మనసు మారకపోయినా మారినట్టు అంకెలు చూపించవచ్చు. దీన్ని సరిచేసుకునేలా ప్రయోగాలు మార్చి చేశాక కూడా ప్రభావం మిగిలే ఉందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కాబట్టి పరీక్షలో "డిసొనెన్స్ ఉంది" అని ధైర్యంగా రాయండి, కానీ కొన్న వస్తువుని పొగిడే ప్రతి మనిషీ డిసొనెన్స్‌లో ఉన్నాడని రాయకండి. అతనికి అది నిజంగానే ముందు నుంచీ ఎక్కువ నచ్చి ఉండొచ్చు.

ఇక్కడే ఇంకో గందరగోళం తీర్చుకుందాం. డిసొనెన్స్ వేరు, అసంతృప్తి వేరు. జవాబు పత్రాల్లో ఎక్కువగా కలిసిపోయేవి ఇవే. అసంతృప్తి అంటే వస్తువు మన అంచనాని అందుకోలేకపోవడం. ఏసీ సరిగా చల్లబరచలేదు, నీళ్ళు కారుతోంది, సర్వీస్ వాడు పిలిచినా రాడు. దానికి వస్తువుని వాడి చూడాలి. డిసొనెన్స్‌కి వాడనక్కర్లేదు, పెట్టె విప్పకముందే రావచ్చు. అది వస్తువు గురించి కాదు, నా ఎంపిక గురించి. గుర్తుపట్టడానికి తేలిక దారి, మనిషి అడిగే ప్రశ్న వినడం. "ఇది ఎందుకు సరిగా పనిచేయట్లేదు?" అంటే అసంతృప్తి. "నేను సరైనదే తీసుకున్నానా?" అంటే డిసొనెన్స్. మన ఖమ్మం ఇంట్లో ఏసీ బాగానే చల్లబరుస్తోంది, అయినా రెండో ప్రశ్న ఉంది. రెండింటికీ మందు కూడా వేరే. అసంతృప్తికి మెకానిక్ కావాలి, డిసొనెన్స్‌కి భరోసా కావాలి.

మరి ఆ భరోసా అమ్మేవాడు ఎలా ఇవ్వాలి? "కొన్నాక కస్టమర్‌కి ఫోన్ చేసి అభినందించాలి" అని చాలామంది రాస్తారు. 1970లో షెల్బీ హంట్ ఇదే పరీక్షించి చూశాడు. ఫ్రిజ్ కొన్నవాళ్ళలో కొందరికి, మంచి ఎంపిక చేశారంటూ ఉత్తరం పంపించాడు. కొందరికి అదే విషయం ఫోన్‌లో చెప్పించాడు. కొందరిని ఏమీ చేయకుండా వదిలేశాడు. ఉత్తరం అందుకున్నవాళ్ళలో డిసొనెన్స్ తక్కువగా కనిపించింది. ఫోన్ వచ్చినవాళ్ళలో మాత్రం ఏమీ చేయనివాళ్ళ కన్నా కూడా ఎక్కువగా ఉంది. ఎందుకై ఉంటుంది? కొన్నాక షాపు వాళ్ళు ఫోన్ చేస్తే, "వీళ్ళెందుకు చేశారు? ఇంకేదైనా అంటగడతారా?" అన్న అనుమానం వస్తుంది. ఉత్తరాన్ని తీరిగ్గా చదువుకోవచ్చు, ఇంట్లోవాళ్ళకి చూపించుకోవచ్చు. ఇది ఒక్క అధ్యయనమే, అన్ని కాలాలకీ అన్ని చోట్లకీ ఇదే ఫలితం వస్తుందని కాదు. కానీ భరోసా ఇచ్చే మాట ఎంత ముఖ్యమో, అది వచ్చే దారి కూడా అంత ముఖ్యమని మాత్రం చెబుతుంది.

మన షాపతను ఏం చేస్తే బాగుండేది? మొదటి పొరపాటు అతను మూడో దశలోనే చేశాడు. 1,600 గంటల లెక్కనే అందరికీ చెప్పాడు. "మీరు ఏడాదికి ఎన్ని గంటలు వేస్తారు?" అని అడిగి ఉంటే, 800 గంటలకి 3 స్టార్ సరిపోతుందనో, పగలు కూడా వేస్తే 5 స్టార్ మేలనో అక్కడే తేలిపోయేది. ఆ లెక్కని బిల్లు వెనక రాసి ఇచ్చి ఉంటే, సాయంత్రం పక్కింటావిడ మాట అన్నప్పుడు టీచరమ్మ చేతిలో ఆ కాగితం ఉండేది. అంటే ఐదో దశలో వచ్చే డిసొనెన్స్‌ని తగ్గించడానికి మంచి చోటు మూడో దశే. కొన్న తర్వాత ఇచ్చే పొగడ్త కన్నా, కొనకముందు వేసిన సొంత లెక్క ఎక్కువ కాలం నిలబడుతుంది.

కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఈ ఇంట్లో ఇంకో పని మిగిలింది. సర్వీసింగ్ ఖర్చు ఎక్కువ అన్న సరిచూడని మాటని అలాగే మనసులో ఉంచుకుంటే, రేపు రెండో గదికి ఏసీ కొనేటప్పుడు అదే మాట "ముందు నుంచీ తెలిసిన సంగతి"గా జ్ఞాపకంలోంచి పైకి వస్తుంది. రెండో దశలో మనం చెప్పుకున్న అంతర్గత అన్వేషణ గుర్తుందా? ఒక కొనుగోలు ఐదో దశలో పుట్టిన సాకు, తర్వాతి కొనుగోలు రెండో దశలో సమాచారంగా మారిపోతుంది. పుస్తకాల్లో ఐదో దశ నుంచి వెనక్కి గీసే బాణం గుర్తుకి అర్థం ఇదే.

పది మార్కుల ప్రశ్న వస్తే ఈ వరసలో రాయండి. ఐదు దశలు ఒక్కొక్కటీ ఒకే ఉదాహరణ మీద నడిపించండి. మూడో దశలో దగ్గరి పోటీని చూపించండి. నాలుగో దశలో సొంత ఎంపిక, ముఖ్యమైన మొత్తం, వెనక్కి తీసుకోలేకపోవడం చెప్పండి. ఐదో దశలో డిసొనెన్స్ నిర్వచనం, అసంతృప్తికి దానికి తేడా, తగ్గించుకునే దారులు రాయండి. చివర వెనక్కి వెళ్ళే బాణం గీయడం మరిచిపోకండి.

మీ ఇంట్లో ఈ మధ్య కొన్న పెద్ద వస్తువు ఏదైనా తీసుకుని, అది ఎందుకు కొన్నారో ఇంట్లోవాళ్ళని అడగండి. వాళ్ళు చెప్పే కారణాలు ఒక కాగితం మీద రాసి, ఏది కొనకముందుదో ఏది కొన్న తర్వాతదో పక్కన గుర్తు పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో మూడో దశనే ఇంకొంచెం లోతుగా, అంటే జనం రెండు మూడు గుణాలని ఏ పద్ధతుల్లో తూచి చూస్తారో చూద్దాం.